స్ప్రింగుల సైటులో కొటేషన్ ఫారం: పద్నాలుగు గళ్ళా, మూడా?

స్ప్రింగ్ షెడ్డు: బాలానగర్‌లో కంప్రెషన్ స్ప్రింగులు చుట్టే చిన్న యూనిట్ మాది. కంపెనీలకే అమ్ముతాం. సైటులో 140 సైజుల కేటలాగు, కింద కొటేషన్ అడిగే ఫారం, అందులో పద్నాలుగు గళ్ళు. నెలకి ఇద్దరు ముగ్గురికి మించి నింపట్లేదు. సైటు చేసినతను పేరు, ఫోను, "ఏం కావాలి", ఈ మూడు చాలంటున్నాడు. ఏది చెయ్యమంటారు?

ఆటోనగర్ బాబాయ్: మూడు కూడా ఎక్కువే, ఫోన్ నంబరు ఒక్కటి చాలు. పార్టీ లైన్లోకి వస్తే బేరం మాటల్లో తేలుతుంది. అసలు కొలతలన్నీ అలా బయట పెట్టడమే నాకు నచ్చలేదు బాబూ, పక్క షెడ్డువాడు చూసి అదే చుట్టేస్తాడు.

పర్చేజ్ డెస్క్: పంపుల కంపెనీలో పదకొండేళ్ళుగా కొనుగోళ్ళు చూస్తున్నాను. ఒక్కో వస్తువుకి మూడు చోట్ల రేటు రాతపూర్వకంగా తీసుకుని కంపారిటివ్ స్టేట్‌మెంట్ పెట్టకపోతే నా ఆర్డరు మీద సంతకం పడదు. ఫోన్ చేస్తే "సాయంత్రం చెప్తానమ్మా" అంటారు, ఆ సాయంత్రం రాదు. కొలతలు కనపడని సైటుని ఆ నిమిషంలోనే మూసేస్తాను. ఎన్ని గళ్ళు అన్నది పక్కన పెట్టి, ఏమేం అడుగుతున్నారో చెప్పండి ముందు.

స్ప్రింగ్ షెడ్డు: పేరు, కంపెనీ, హోదా, ఫోను, మెయిలు, జీఎస్టీ నంబరు, ఊరు, పిన్‌కోడు, వైరు మందం, డయామీటర్, పొడవు, చుట్లు, మెటీరియల్, ఎన్ని కావాలి. అన్నీ తప్పనిసరే.

నెల్లూరు కుర్రాడు: ఇంత గొడవెందుకన్నా, రేటు పెట్టేసి కార్ట్ పెట్టెయ్. మా అత్త పచ్చళ్ళకి అలాగే చేశాం, రోజుకి పది ఆర్డర్లు వస్తున్నాయి.

స్ప్రింగ్ షెడ్డు: తమ్ముడూ, మెషిన్‌కి వైరెక్కించి కొలత కుదిర్చేసరికి రెండు గంటలు పడుతుంది. యాభై చుట్టినా ఐదువేలు చుట్టినా ఆ రెండు గంటలు తప్పవు. ఒక్కో ముక్కకి రేటెంతని ఏం రాయను?

పర్చేజ్ డెస్క్: "డయామీటర్" అని వదిలేశారు. ఏ డయామీటర్? బయటిదా, లోపలిదా? పోయినేడాది వేరే ఊరి సప్లయర్ సైటులో ఇలాంటి గడిలోనే మా కుర్రాడు 20 అని కొట్టాడు. మాది 19 రాడ్ మీద కూర్చోవాలి, కాబట్టి మాకు లోపల 20 కావాలి. వాళ్ళు బయట 20 అనుకుని 2 మిల్లీమీటర్ల వైరుతో 600 స్ప్రింగులు చుట్టి పంపారు. అంటే లోపల 16. రాడ్ ఎక్కనే ఎక్కదు. తప్పెవరిదని నెల రోజులు మెయిళ్ళు నడిచాయి, చివరికి సగం సగం భరించాం.

సైటు పనోడు: మీరు చెప్పింది నిజమే కానీ మేడమ్, గళ్ళు పెరిగే కొద్దీ జనం మధ్యలో వదిలేస్తారు, అది నేను చేసిన ప్రతి సైటులోనూ చూశాను. ముందు ఫోన్ నంబరు పట్టుకోవాలి, కొలతలు తర్వాత ఫోన్లో అడగొచ్చు.

టూల్‌రూమ్ తాత: ఫోన్లో కూడా "ఇరవై అండి" అనే అంటారు నాయనా. ఆవిడ చెప్పినదానిలో ఇంకో సగం ఉంది. రాడ్ ఎక్కకపోతే కనీసం చూడగానే తెలుస్తుంది. అదే స్ప్రింగు రంధ్రంలో కూర్చునే రకమైతే ఎలాగో పట్టేస్తుంది, బిగువు తేడా మాత్రం ఎవరికీ కనపడదు. లోపల 20 అయితే వైరు మధ్యనుంచి మధ్యకి కొలత 22, బయట 20 అయితే 18. స్ప్రింగు బిగువు ఆ కొలత ఘనానికి విలోమంగా మారుతుంది. అదే వైరు, పనిచేసే చుట్లు ఎనిమిదే అయినా మొదటిదాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి సుమారు 1.9 న్యూటన్లు చాలు, రెండోదానికి 3.4 కావాలి. కాబట్టి ఆ గడి పక్కన స్ప్రింగు బొమ్మ వేసి, బయట, లోపల అని రెండు బటన్లు పెట్టు. పిన్‌కోడూ హోదా తీసెయ్.

ఆటోనగర్ బాబాయ్: ఘనాలూ విలోమాలూ! ఆటోనగర్‌లో పాత స్ప్రింగు చేతిలో పెట్టి "ఇలాంటిది" అంటారు, అయిపోతుంది. ఏసీలో కూర్చుని స్టేట్‌మెంట్లు రాసుకునేవాళ్ళ కోసం సైట్లు కడితే యూనిట్ మూతపడుతుంది.

పర్చేజ్ డెస్క్: ఏసీ లేదండీ మా ఆఫీసులో, ఫ్యాను కూడా స్టోర్స్ వాళ్ళదే. "ఇలాంటిది" అని తెచ్చిన మాలు మా ఇన్‌స్పెక్షన్ తిప్పికొడితే ఆ లారీ అద్దె మీరు కడతారా?

ఆటోనగర్ బాబాయ్: నేనెప్పుడూ తిప్పికొట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళు.

టూల్‌రూమ్ తాత: కొట్టుకోండి. ఈలోగా షెడ్డు బాబూ, నీ ఫారం నువ్వే ఎప్పుడైనా నింపి చూశావా? వేరే మెయిలుతో ఒకటి పంపి చూడు.

స్ప్రింగ్ షెడ్డు: పంపాను. ఇన్‌బాక్సులో లేదు. స్పామ్‌లో ఉంది. దానితోపాటు ఇంకో తొమ్మిది ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒకాయన 2,000 స్ప్రింగులు అడిగాడు, అన్ని గళ్ళూ నింపి మరీ. చేతులాడటం లేదు.

సైటు పనోడు: అడిగినవాళ్ళ మెయిలునే From లో పెట్టి ఉంటారు. మీ సర్వర్ వేరేవాళ్ళ పేరుతో ఉత్తరం రాసినట్టు అవుతుంది, జీమెయిల్ నమ్మదు. కొన్ని కంపెనీల మెయిళ్ళైతే స్పామ్‌కి కూడా రావు, గుమ్మంలోనే ఆగిపోతాయి. ఇలా మార్చండి, మొదటిది మీ డొమైన్, రెండోది అడిగినవాళ్ళది:

```
From: quote@example.com
Reply-To: buyer@example.net
```

మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిలు పంపొచ్చో చెప్పే SPF రికార్డు కూడా ఉందో లేదో చూడండి. ప్రతి ఎంక్వయిరీని సర్వర్లో ఒక కాపీ దాచండి, మెయిలొక్కదాన్నే నమ్ముకోవద్దు.

పర్చేజ్ డెస్క్: అంటే ఇన్నాళ్ళూ గళ్ళని తిట్టుకున్నాం. నేనడిగిన కొటేషన్లలో ఎన్ని ఇలాగే పోయాయో.

ఆటోనగర్ బాబాయ్: సరే, సూటిగా చెప్తాను. నేను డీలర్ని. ఇలాంటి మూడు యూనిట్ల మాలు విజయవాడలో తిప్పాను. ఒక యూనిట్ పిల్లాడు సైటు పెట్టి, పార్టు నంబరు, కొలత, కొటేషన్ బటన్ అన్నీ ఇచ్చాడు. నేను పెంచిన పార్టీయే రెండు నెలల్లో సరాసరి వాళ్ళకి మెయిల్ పెట్టింది. ఆ పార్టీకి మూడు నెలల అప్పిచ్చింది నేను, వానలో మాలు దింపింది నేను. గళ్ళు ఎన్నుంటే నాకేం?

పర్చేజ్ డెస్క్: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఏసీ గొడవ ఉండేది కాదు కదండీ. అయినా కొనేవాళ్ళకి కొలత దాచిపెట్టి డీలర్ని కాపాడటం సరైన దారి కాదు. ఆ ఊరి ఎంక్వయిరీ వస్తే ఆ డీలర్‌కే పంపాలని యూనిట్‌తో రాసుకోవాలి.

ఆటోనగర్ బాబాయ్: రాసుకున్నాం. పిల్లాడు పెద్దవాడయ్యాక చదవలేదు.

టూల్‌రూమ్ తాత: అందుకే పిన్‌కోడు తీసెయ్యమన్నా, ఊరు ఉంచమన్నా.

ఆటోనగర్ బాబాయ్: ఊరు ఉంచమని మీరెక్కడన్నారు?

టూల్‌రూమ్ తాత: తియ్యమనలేదుగా.

స్ప్రింగ్ షెడ్డు: నిన్న మార్చాను. తప్పనిసరివి ఆరు: పేరు, ఫోను, మెయిలు, ఊరు, వైరు మందం, డయామీటర్. డయామీటర్‌కి బొమ్మా రెండు బటన్లూ పెట్టాను. మిగతావి తెలిస్తే నింపుతారు, లేదా డ్రాయింగ్ ఫోటో పెడతారు. ఏప్రిల్ ఆయనకి ఫోన్ చేశాను, వేరేచోట కొనేశాడట. మాకూ గుంటూరులో ఒకరు, రాజమండ్రిలో ఒకరు డీలర్లున్నారు. బాబాయ్ రాసింది నాన్నకి చూపించాను. చదివి, ఫోను తిరిగిచ్చి, కేటలాగులో ఏ సైజులు వాళ్ళవో గుర్తు పెట్టమన్నారు. తీసెయ్యమన్నారో ఉంచమన్నారో నాకు అర్థం కాలేదు.

నెల్లూరు కుర్రాడు: కార్ట్ సంగతి ఏమైందన్నా?