లెవెల్స్ పెంచుకుంటూ పోతే బిట్ రేట్‌కి హద్దే లేదా?

గేట్_సాధన:
నాయిస్ లేని చానెల్‌కి నైక్విస్ట్ సూత్రం C = 2B log2 L. బ్యాండ్‌విడ్త్ B కదలకుండా ఉంచి లెవెల్స్ సంఖ్య L ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు కదా. అలాంటప్పుడు దీన్ని లిమిట్ అని ఎందుకు అంటున్నారు? హద్దు ఎక్కడుంది ఇందులో?

రవ్వదోసె:
హద్దు లేదు, అంతే. నాయిస్ లేదని ముందే ఒప్పుకున్నాక రెండు లెవెల్స్ మధ్య తేడా ఎంత చిన్నదైనా అవతలివాడు కనిపెట్టేస్తాడు. లెవెల్స్ రెట్టింపు చేస్తే రేటు రెట్టింపు అవుతుంది, అలా చేసుకుంటూ పోవడమే. పరీక్షలో ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

పాత_మోడెమ్:
రవ్వదోసె గారూ, మొదటి సగం సరే, రెండో సగం కాదు. టెలిఫోన్ లైన్ లాంటిది తీసుకోండి, బ్యాండ్‌విడ్త్ 3000 హెర్ట్జ్. 2 లెవెల్స్‌తో సెకనుకి 6000 బిట్లు. 4 లెవెల్స్‌తో 12,000, ఇక్కడ నిజంగానే రెట్టింపయింది, మీరు చూసింది ఇదే అయ్యుంటుంది. కానీ 8కి వెళ్తే 18,000, 16కి వెళ్తే 24,000. లెవెల్స్‌ని రెట్టింపు చేసిన ప్రతిసారీ ఒక్కో సింబల్‌కి, అంటే ఒక్కసారి పంపే లెవెల్‌కి, అదనంగా వచ్చేది ఒక్క బిట్టే, అంటే ఇక్కడ సెకనుకి ఇంకో 6000. 60,000 కావాలంటే ఒక్కో సింబల్‌లో 10 బిట్లు పట్టాలి, దానికి 1024 లెవెల్స్ కావాలి. 66,000కి 2048. ఆ చివరి 6000 కోసం కొత్తగా 1024 లెవెల్స్ చేర్చాల్సి వచ్చిందన్నమాట.

ఇక హద్దు సంగతి. సూత్రంలో హద్దు ఉన్నది 2B దగ్గర, L దగ్గర కాదు. 3000 హెర్ట్జ్ లైన్‌లో సెకనుకి 6000 సింబల్స్ మించి పంపితే ఒక పల్స్ తోక పక్క పల్స్ మీద పడుతుంది, నాయిస్ చుక్క కూడా లేకపోయినా సరే. ఓసిల్లోస్కోప్‌లో పల్స్‌లన్నీ ఒకదాని మీద ఒకటి గీసే ఐ డయాగ్రమ్ పెట్టి సింబల్ రేటు మెల్లగా పెంచి చూడండి, మధ్యలో తెరుచుకుని ఉన్న కన్ను మూసుకుపోతూ కనిపిస్తుంది. హ్యారీ నైక్విస్ట్ 1928లో టెలిగ్రాఫ్ గురించి రాసిన పేపర్లో తేల్చింది ఈ సింబల్స్ సంగతే. లెవెల్స్‌తో లాగరిథమ్‌లా పెరుగుతుందన్నది ఆయన 1924 పేపర్లోనే ఉంది. రెండూ కలిపేసి ఒకే లిమిట్ అని చదివితే మీకొచ్చిన సందేహమే అందరికీ వస్తుంది.

బాల్కనీ_వైఫై:
మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ అండి, సాయంత్రం ఏడు దాటితే 20 కూడా రావట్లేదు. లెవెల్స్ పెంచమని కంపెనీవాళ్లని అడగొచ్చా? బ్యాండ్‌విడ్త్ తక్కువ అంటే ఇదేనా?

పాత_మోడెమ్:
అది వేరే సంగతి అండి. ప్లాన్‌లో బ్యాండ్‌విడ్త్ అని రాసేది బిట్లలో, ఇక్కడ మాట్లాడేది హెర్ట్జ్‌లో. ఏడు తర్వాత తగ్గుతోందంటే ఎక్కువగా అందరూ ఒకేసారి వాడుతూ ఉండటమే కారణం. మీ రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వెళ్లే గిగాబిట్ కేబుల్‌లో మాత్రం లెవెల్స్ కథ ఉంది: నాలుగు జతల తీగలు, ఒక్కో జతలో సెకనుకి 12.5 కోట్ల సింబల్స్, 5 లెవెల్స్, సింబల్‌కి 2 బిట్ల లెక్కన 1000 ఎంబీపీఎస్. ఒక తీగ తెగితే లింక్ చాలాసార్లు 100కి పడిపోతుంది, అది కంప్యూటర్‌లో లింక్ స్పీడ్ చూస్తే తెలుస్తుంది. ఒకసారి అదీ చూసుకోండి.

ల్యాబ్_మేడమ్:
పాత మోడెమ్ గారు చెప్పిన అంకెలు సరైనవే, కానీ ఈ సూత్రాన్ని ఒంటరిగా చెప్పడమే నాకు నచ్చదు. పిల్లలు L అన్నది ఉచితంగా దొరికే అంకె అనుకుని వెళ్లిపోతున్నారు. ట్రాన్స్‌మిటర్ 0 నుంచి 6.3 వోల్టుల దాకానే ఇవ్వగలదనుకోండి. 2 లెవెల్స్ అయితే మధ్య ఎడం 6.3 వోల్టులు. 4 అయితే 2.1, 8 అయితే 0.9, 64 అయితే 0.1. అంటే 64 లెవెల్స్ దగ్గర సిగ్నల్ 50 మిల్లీవోల్టులు అటో ఇటో జరిగితే చాలు, రిసీవర్ పక్క లెవెల్‌గా చదివేస్తుంది. బిట్లు 1 నుంచి 6కి చేరాయి, ఎడం 63వ వంతుకి పడిపోయింది. నాయిస్ లేదన్న మాట తీసేసిన క్షణమే ఈ 50 మిల్లీవోల్టులే అసలు హద్దవుతాయి.

నాయిస్ ఉన్న చానెల్‌కి 1948లో షానన్ చెప్పిన హద్దుతో దీన్ని పోల్చి చూడండి. అదే 3000 హెర్ట్జ్, సిగ్నల్ పవర్ నాయిస్ పవర్ కంటే 1000 రెట్లు, అంటే 30 డెసిబెల్స్. 3000 × log2(1001) చేస్తే దాదాపు 29,900 బిట్లు. దీన్ని నైక్విస్ట్ సూత్రానికి సమానం చేస్తే L దాదాపు 31.6 వస్తుంది, అంటే 1001కి వర్గమూలం. ఆ లైన్‌లో 1024 లెవెల్స్ గురించి మాట్లాడటం కాగితం మీద మాటే.

రవ్వదోసె:
అయితే 56కె మోడెమ్ ఎలా వచ్చింది మేడమ్? అదీ టెలిఫోన్ లైనే కదా. మీ లెక్కన 30కి మించకూడదు.

పాత_మోడెమ్:
మంచి ప్రశ్న. మామూలు మోడెమ్ 33.6 దగ్గర ఆగింది, ఎందుకంటే ఎక్స్ఛేంజీలో సిగ్నల్‌ని అంకెల్లోకి మార్చేటప్పుడు దగ్గరి అంకెకి సర్దడం వల్ల నాయిస్ చేరుతుంది. 1998 నాటి 56కె మోడెమ్ ప్రమాణం V.90 లో ప్రొవైడర్ వైపు ఆ మార్పిడే ఉండదు, అక్కడి నుంచే అంకెలు నేరుగా వస్తాయి. అందుకే దిగే వైపు ఆ నాయిస్ పడదు. సెకనుకి 8000 శాంపిల్స్, ఒక్కోదాంట్లో 7 బిట్లు, అంటే 128 లెవెల్స్, మొత్తం 56,000. ఎక్కే వైపు మాత్రం మార్పిడి తప్పదు, అందుకే అది 33.6 దగ్గరే ఉండిపోయింది. మేడమ్ లెక్క తప్పు కాదు, ఇక్కడ నాయిస్ వేరు, లైన్ వెడల్పుగా తీసుకున్నది కూడా 4000 హెర్ట్జ్.

మేడమ్‌తో నేను ఒప్పుకోనిది ఒక్కటే. ఎడం లెక్క ముందు చెప్తే 2B ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలు ఎప్పటికీ అడగరు. నాయిస్ లేదనుకోవడం వల్లే ఆ సింబల్ హద్దు విడిగా కనిపిస్తుంది.

ల్యాబ్_మేడమ్:
కనిపిస్తుంది, కానీ L ఉచితమన్న అపోహ కూడా అక్కడే పుడుతోంది. నేను ఐ డయాగ్రమ్‌లో రెండూ ఒకే రోజు చూపిస్తాను: సింబల్ రేటు పెంచితే కన్ను అడ్డంగా ఇరుకవుతుంది, లెవెల్స్ పెంచితే ఒక కన్ను పోయి చిన్న చిన్న కళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

గేట్_సాధన:
నాది అర్థమైంది, థాంక్స్ అందరికీ. ఇంకో సందేహం. 3000 హెర్ట్జ్‌లో 33,000 బిట్లు కావాలి, లెవెల్స్ ఎన్ని అని అడిగితే సింబల్‌కి 5.5 బిట్లు, L = 45.25 వస్తోంది. 64 అని రాయాలా?

రవ్వదోసె:
64 అనే రాయి. 32 పెడితే 30,000తో ఆగిపోతుంది, 64 అయితే 36,000, మిగిలింది మిగలనీ.

పాత_మోడెమ్:
సింబల్స్‌ని ఒక్కొక్కటిగా చదివితేనే 64 కావాలి. రెండేసి సింబల్స్ కలిపి చదివితే జతకి 11 బిట్లు, అంటే 2048 కలయికలు చాలు. 45 × 45 = 2025 సరిపోదు, 46 × 46 = 2116 సరిపోతుంది. కాబట్టి 46 లెవెల్స్‌తో అయిపోతుంది, 6.3 వోల్టుల్లో ఎడం కూడా 0.1 బదులు 0.14 ఉంటుంది.

ల్యాబ్_మేడమ్:
ప్రశ్నలో రెండు ఘాతమే కావాలని రాస్తే 64, రాయకపోతే నేను 46కే మార్కులు వేస్తాను. పేపర్ దిద్దేవాళ్లందరూ వేస్తారని మాత్రం చెప్పలేను.