అప్‌డేట్: మోడల్‌తో రాయించిన టెస్ట్ ప్రశ్నలన్నీ ఒకేలా వచ్చిన సమస్య తీరింది

నా ప్రశ్న: "ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి రైతుల కోసం చాట్‌బాట్ చేస్తున్నాం. దాన్ని టెస్ట్ చేయడానికి రైతులడిగిన అసలు ప్రశ్నలు తక్కువున్నాయని ఏఐ మోడల్‌తో రాయిస్తే అన్నీ ఒకేలా వస్తున్నాయి. ఏం చేయాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. మోడల్ జవాబుల్లో వైవిధ్యం పెంచే టెంపరేచర్ సెట్టింగ్ పెంచితే పదాలు మారాయి గానీ అడిగే విషయం మారలేదు, కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. పనిచేసింది "ఒకేసారి వంద అడగకు, ఒక్కో ప్రశ్నకు ఒక్కో పరిస్థితి ఇవ్వు" అన్న సలహా.

ముందు మోడల్ ఇలా రాసేది: "పత్తిలో తేమ శాతం ఎంత ఉండాలో దయచేసి తెలియజేయగలరా?" బాట్ 12 శాతం అని చెప్పి పాసయ్యేది. అసలు రైతు అడిగేది వేరు: "మాది 13 వచ్చిందని వాపస్ పంపిర్రు, ఎండవెట్టి తెస్తే మల్ల కొంటరా?" ఇక్కడే బాట్ తడబడింది. అందుకే ఇప్పుడు అడిగేదెవరు (రైతా, కౌలు రైతా, రైతు కొడుకా), ఏం జరిగాక అడుగుతున్నారు, ఎలా టైప్ చేస్తారు అన్న మూడింటినీ కలిపి, ప్రతిసారీ వేరే అసలు ప్రశ్నను నమూనాగా ఇస్తున్నాం.

తర్వాత ప్రశ్నల అర్థాన్ని అంకెలుగా మార్చే ఎంబెడింగ్‌లతో పోల్చి, మరీ దగ్గరున్న జంటల్లో ఒకటి తీసేస్తున్నాం. ఎంత దగ్గరైతే తీసేయాలన్నది కొన్ని జంటలు కళ్లతో చదివే తేల్చుకోవాలి. ఎందుకంటే "కొంటరా", "కొనరా" అన్నవి ఎంబెడింగ్‌కు దాదాపు ఒకటే.

మన తెలంగాణ యాస మాత్రం మోడల్‌కు సరిగ్గా రాలేదు, "గీ", "గా" తగిలించి ఊరుకుంటుంది. అందుకే అసలు ప్రశ్నల స్కోరును విడిగా చూస్తున్నాం, రాయించిన వాటితో కలపట్లేదు.