“pampanu 🙏” అంటే పంపాను అనా, పంపను అనా? చాట్ స్క్రీన్‌షాట్ల అనువాదం

గుణుపురం టైపు షాపు: కోర్టు దగ్గర టైపు షాపు నాది. తెలుగు, ఒడియా కాగితాలను ఇంగ్లీషులోకి మార్చి ఇస్తుంటాను. నిన్న ఒక వకీలు గారు వాట్సాప్ స్క్రీన్‌షాట్లు పద్నాలుగు ఇచ్చారు. ఇక్కడి జీడిపిక్కల వ్యాపారికి, పలాస వైపు కొనుగోలుదారుకు మధ్య అరవై వేల బాకీ తగాదా అది. మాటలన్నీ తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. వకీలు గారికి తెలుగు రాదు. చిక్కంతా ఈ చోటే వచ్చింది:

```
కొనుగోలుదారు: Ninna cheppanu kada
కొనుగోలుదారు: Dabbulu pampanu 🙏
కొనుగోలుదారు: Malli malli adagaku
వ్యాపారి: hau sarle 🙂
```

రెండో వరుసను “డబ్బులు పంపాను” అని చదవవచ్చు, “డబ్బులు పంపను” అని కూడా చదవవచ్చు. ఒక దీర్ఘంతో కేసే తలకిందులవుతుంది. మీరైతే ఏమని రాస్తారు?

రాయగడ మొబైల్: ఫొటోలోని అక్షరాలను తీసే ఆప్‌లు ఫోనులోనే ఉంటాయి అక్కా. ఫొటో తెరిచి అక్షరాల మీద వేలు నొక్కి పట్టుకుంటే కాపీ అవుతాయి. పద్నాలుగూ చేతితో టైపు చేయనక్కర్లేదు.

గుణుపురం టైపు షాపు: అక్షరాలు తీయడం కాదు తమ్ముడూ, తీసినవాటికి అర్థం ఏమిటన్నదే నా గొడవ.

పర్లాకిమిడి పద్దు: ఇందులో సందేహం ఎందుకో నాకు అర్థం కాలేదు. పంపాను అనేవాడు “pampaanu” అని రెండు a లు పెడతాడు. ఒకటే పెట్టాడంటే పంపను అనే. పైగా 🙏 అంటే “నన్ను వదిలెయ్యి” అని దండం పెట్టడం. ఆ వెంటనే మళ్లీ అడగకు అన్నాడు. తేలిపోయింది కదా!

బరంపురం పాత అనువాదకుడు: పద్దు గారూ, ఒక్క a ఉందన్నంత వరకు మీ మాట నిజమే. దాని నుంచి తీసిన ముక్తాయింపే నిలబడదు. పై వరుస మళ్లీ చూడండి. “Ninna cheppanu kada” అన్నాడు. నిన్న అని ఉంది కనుక అది చెప్పాను అనే తప్ప చెప్పను కాదు. అక్కడా ఒక్క a నే పెట్టాడు. అంటే ఈ మనిషి దీర్ఘం రాసే అలవాటున్నవాడు కాదు. అలవాటు లేని మనిషి దీర్ఘం రాయలేదని దాన్ని సాక్ష్యంగా పట్టుకోకూడదు.

నేను ఇలాంటివి చూసేటప్పుడు ముందు ఆ మనిషి రాసిన మిగతా వరుసలన్నీ చదివి, సందేహం లేని దీర్ఘాలను అతను ఎలా రాశాడో పక్కన వేసుకుంటాను. మీ దగ్గర పద్నాలుగు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి కదమ్మా, ఆ పని చేయండి.

ఇక 🙏 సంగతి. డబ్బు పంపినవాడూ మర్యాదకు పెడతాడు, పంపనివాడూ విసుగుతో పెడతాడు. “మళ్లీ అడగకు” కూడా రెంటికీ సరిపోతుంది. ఈ మూడు వరుసల లోపల జవాబు లేదు.

సిరొంచ ట్యూషను మాస్టారు: మాది గడ్చిరోలి జిల్లా. ఇక్కడ తెలుగు మాట్లాడతాం, పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు కనుక పెద్దవాళ్లు కూడా ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారు. ఒక తండ్రి నాకు “fees kattanu 😊” అని పెట్టాడు. నేను “కట్టను” అని చదివాను. చివర ఆ నవ్వు చూసి ఒళ్లు మండింది, వెక్కిరిస్తున్నాడనుకున్నాను. సాయంత్రం వాళ్లింటికే వెళ్లి నిలదీశాను. ఆయన బిత్తరపోయి డబ్బు పంపిన వివరం తెరిచి చూపించాడు. అదే రోజు పొద్దున నా ఖాతాలో పడింది, చూసుకోనిది నేనే. టీ తాగి వచ్చాను గానీ ఆ ఇంటి గడప తొక్కాలంటే ఇప్పటికీ మొహం చెల్లదు. మాట ముందే తప్పు చదివితే, ఆ పక్కనున్న నవ్వు కూడా తప్పుగానే కనిపిస్తుంది.

జయపురం కోడలు: మరి వ్యాపారి జవాబు చూడరేమిటి? “hau” ఒడియాలో సరే అనడం. పంపను అన్నవాడితో ఎవరైనా సరే అంటారా? డబ్బు అందిందన్న మాటే అది.

పర్లాకిమిడి పద్దు: “sarle” లోని “లే”ను వదిలేశారు. మా ఇంట్లో “సరేలే” అన్నారంటే ఆ రోజు ఎవరూ అన్నం సరిగా తినరు. పైగా ఆ చిన్న నవ్వు 🙂 సంతోషంతో పెట్టినది కాదు, పళ్లు బిగించి పెట్టినది.

బరంపురం పాత అనువాదకుడు: ఇది మాత్రం బాగా పట్టారు. “sarle”ను ఇంగ్లీషులో ఓకే అని రాస్తే వ్యాపారి ఒప్పుకున్నట్టు అవుతుంది. అయిష్టంగా వదిలేసిన ధ్వని పోతుంది. అలాగని 🙂 కి “పళ్లు బిగించి” అని నేను రాయను. బొమ్మ ఎక్కడ ఉందో అక్కడే చదరపు బ్రాకెట్లలో “చిరునవ్వు ముఖం బొమ్మ” అని పెట్టి ఊరుకుంటాను. దాని భావం చెప్పవలసింది సాక్షి, మనం కాదు.

కాగితం మీద ఒక్కో సందేశానికి మూడు వరుసలు ఇవ్వండి: ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో, దాని కింద తెలుగు లిపిలో మీరు చదివిన తీరు, ఆ కింద అనువాదం. pampanu దగ్గర రెండు పాఠాలూ ఇచ్చి, దీర్ఘం తెలియడం లేదని పక్కన గమనిక రాయండి.

ఇంకొకటి. స్క్రీన్‌షాటు మీద “Today” అని ఉంటే అది ఏ రోజో మీరు రాయకండి, “Today” అనే ఉంచండి. పైన కనిపించే పేరు ఫోను యజమాని సేవ్ చేసుకున్నది. ఒకసారి నాకు “దొంగ” అన్న పేరుతో ఉన్న చాటు వచ్చింది.

గుణుపురం టైపు షాపు: అన్నీ తిరగేశాను. తొమ్మిది చోట్ల తప్పనిసరి దీర్ఘం ఉంది, ఎనిమిది చోట్ల ఒక్క a నే పెట్టాడు. “naaku” అని ఒక్కసారి మాత్రం రెండు పెట్టాడు. బరంపురం గారి మాటే నిజం.

అసలు సంగతి వేరే బయటపడింది. ఆరో స్క్రీన్‌షాటు “Ninna cheppanu kada” దగ్గర ఆగింది, ఏడోది “Dabbulu pampanu” తో మొదలైంది. అతుకు మీద అనుమానం వచ్చి, మొత్తం చాటును టెక్స్ట్ ఫైలుగా పంపించమన్నాను. అందులో ఆ రెండింటి నడుమ ఇంకో వరుస ఉంది:

```
కొనుగోలుదారు: <Media omitted>
```

అంటే ఆ మాటకు ముందు అతను ఒక ఫొటోనో మరొకటో పంపాడు. స్క్రీన్‌షాట్లలో అది లేదు.

జయపురం కోడలు: డబ్బు కట్టిన రసీదే అయి ఉంటుంది!

పర్లాకిమిడి పద్దు: పుచ్చిన పిక్కల ఫొటో కూడా కావచ్చు. సరుకు ఇలా ఉంది, డబ్బులు పంపను, అడగకు. ఇది కూడా అతుకుతుంది.

గుణుపురం టైపు షాపు: వకీలు గారిని అడిగితే “ఇచ్చినవి అనువదించు చాలు” అన్నారు. మన కక్షిదారు వ్యాపారేనట, స్క్రీన్‌షాట్లు తీసింది కూడా ఆయనే.

బరంపురం పాత అనువాదకుడు: అయితే ఆరో బొమ్మకూ ఏడో బొమ్మకూ మధ్య కొనసాగింపు కనిపించడం లేదని ఒక్క వాక్యం తప్పక రాయండి. అనువాదం సరైనదని మాత్రమే మీరు సంతకం పెట్టండి. ఆ చాటు నిజమైనదన్న ధ్రువపత్రం వేరు. 2024 జులై 1 నుంచి అది భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద, ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లూ నిపుణుడూ ఇవ్వవలసినది. అది మీ మెడకు చుట్టుకోకుండా చూసుకోండి.

రాయగడ మొబైల్: అక్కా, ఆ టెక్స్ట్ ఫైలును మాత్రమే నమ్ముకోకండి. మా షాపులో చూశాను, సందేశం అంచున వేలాడే 👍 గుర్తులు అందులో రావు. అవి స్క్రీన్‌షాటులోనే కనిపిస్తాయి.

గుణుపురం టైపు షాపు: నిజమే తమ్ముడూ! ఏడో దాంట్లో “pampanu” కింద అంచున ఒక 👍 ఉంది, ఫైలులో లేదు. కానీ అది ఎవరు పెట్టారో బొమ్మలో తెలియదు, ఫోనులో దాని మీద నొక్కితేనే పేరు వస్తుంది. ఆ ఫోను వ్యాపారి దగ్గర ఉంది. రేపు సంతకు గుణుపురం వస్తాడట, అడుగుతాను.