ట్రాక్టర్ లోనుకు జామీను: అప్పు మేం కట్టాక బండి కాగితాలు ఎవరికి?

గోదారిగట్టు: మా బాబాయి తీసుకున్న ట్రాక్టర్ లోనుకు నేనూ ఇంకొకాయనా జామీను ఉన్నాం. కట్టాల్సింది 4.2 లక్షలు. బాబాయి చేతులెత్తేశాడు, నోటీసు నాకొచ్చింది. మొత్తం నేనే కట్టాలా?

సుబ్బు_72: ముందు ట్రాక్టర్ వేలం వేసి, తక్కువైందే నీ దగ్గర అడగాలి. తొందరపడి కట్టకు.

పాత వకీలు: సుబ్బు గారూ, అది నిజం కాదు. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, జామీనుదారు బాధ్యత అప్పుదారుతో సమానం. ముందు అప్పుదారు మీదికి వెళ్లాలన్న షరతు లేదని బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో 1969లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

గోదారిగట్టు గారూ, కడితే నగదు వద్దు. మీ ఖాతా నుంచే పంపి, ఫలానా లోనుకు జామీనుదారుగా ఇంత కట్టారని బ్యాంకు నుంచి ఉత్తరం తీసుకోండి. పూర్తిగా కట్టిన రోజున బ్యాంకు హక్కులు మీకు వస్తాయి (140), సంతకం చేసినప్పుడు బ్యాంకు చేతిలో ఉన్న తనఖా కూడా (141), దాని సంగతి మీకు తెలియకపోయినా సరే.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. లోను క్లోజయ్యాక బ్యాంకు మామూలుగా బండి మీద అప్పు తీరిందని చెప్పే ఫారం 35, ఎన్ఓసీ అప్పుదారు చేతికిచ్చేస్తుంది. ఆయన ఆర్టీఓలో బండి మీదున్న బ్యాంకు తనఖా, అంటే హైపోథికేషన్ తీయించుకుని బండి అమ్మేస్తే మీకు ఆధారం పోతుంది. అందుకే డబ్బు పంపే ముందే, ఆ కాగితాలు ఆయనకివ్వొద్దు, తనఖా హక్కు నాకు రాసివ్వండి అని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

లక్ష్మీపురం: ఎఫ్‌డీ రసీదు పోతే బ్యాంకుకి ఇండెమ్నిటీ బాండ్ రాసిచ్చాను. నాకూ ఇవే హక్కులా?

పాత వకీలు: లేదమ్మా, అక్కడ మూడో మనిషి అప్పు లేదు. బ్యాంకుకి నష్టమొస్తే భరిస్తానని మీరే మాటిచ్చారు. మీరు ఒకరి బదులు కట్టట్లేదు.

గోదారిగట్టు: రెండో జామీనుదారు సంగతేంటి?

పాత వకీలు: ఇద్దరి పూచీ సమానమైతే చెరి సగం. మీరు 4.2 కడితే ఆయన నుంచి 2.1 అడగొచ్చు. బాబాయి మీద మాత్రం మొత్తానికీ దావా వేయొచ్చు (145). ఆయన నుంచి వచ్చినంత మేర ఇద్దరి వాటా తగ్గుతుంది. బాబాయి మీద మూడేళ్ల గడువు మీరు కట్టిన రోజు నుంచి లెక్క. రెండో ఆయన మీద అయితే, మీ వాటాకు మించి కట్టిన రోజు నుంచి.

సుబ్బు_72: మరి బ్యాంకు నిర్లక్ష్యంతో ట్రాక్టర్ మాయమైతే?

పాత వకీలు: దాని విలువ మేరకు జామీనుదారు బాధ్యత తగ్గుతుంది. ఇది 141లోనే ఉంది. కాకపోతే బ్యాంకు ఫారాల్లో చాలావాటిలో జామీనుదారును కాపాడే 133, 134, 135, 139, 141 సెక్షన్ల హక్కులు వదులుకుంటున్నానన్న వాక్యం ఉంటుంది.

గోదారిగట్టు: చూశా. ఉంది. సన్న అక్షరాల్లో, మూడో పేజీలో. ఇక అంతేనా?

పాత వకీలు: అలాంటి వాక్యాన్ని కోర్టులు చాలాసార్లు చెల్లుతుందనే అన్నాయి. కానీ మీరు కట్టాక వచ్చే 140 ఆ జాబితాలో ఉండదు. ఆ పేజీ పదాలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, చూద్దాం.