మొత్తం సున్నా, అయినా వై ఫేజులో ఎక్స్‌పోర్ట్: ఏం చేయాలి?

కిరాణా షాపు, త్రీఫేజ్ కనెక్షన్. నెట్ మీటరింగ్ లేదు, కరెంటు బయటికి పంపకూడదు. 5 కిలోవాట్ల త్రీఫేజ్ సోలార్ ఇన్వర్టరుకి మీటరు తర్వాత మూడు సీటీ క్లాంపులు వేసి, ఎక్స్‌పోర్ట్ లిమిట్ సున్నా పెట్టాం. యాప్‌లో గ్రిడ్ పవర్ సున్నా దగ్గరే ఆడుతోంది. కానీ మధ్యాహ్నం మీటరు డిస్‌ప్లేలో వై, బి ఫేజుల కరెంటు మైనస్ చూపిస్తోంది. పైగా మా మీటరు వెనక్కి పోయినదాన్నీ వాడకంగానే కలుపుతోంది.

12 గంటలకి కొలిస్తే ఆర్‌లో 1.8 కిలోవాట్లు (ఫ్రీజర్లన్నీ దానిమీదే), వైలో 0.3, బిలో 0.6. మొత్తం 2.7. ఇన్వర్టరు దాన్ని సమానంగా పంచి ఫేజుకి 0.9 ఇస్తోంది. అంటే ఆర్ 0.9 లాగుతుంటే, వై 0.6, బి 0.3 బయటికి తోస్తున్నాయి. కూడితే సున్నానే మరి!

ఇన్వర్టరు ఆపి లోడు మాత్రమే నడిపితే మూడు సీటీలూ ఇంపోర్టే చూపించాయి, కాబట్టి బాణం గుర్తులు సరే. ఏ సీటీ ఏ ఫేజుదో కూడా సరిచూశాం. కనీస ఇంపోర్ట్ 300 వాట్లు పెడితే ఫేజుకి 0.8కి తగ్గింది, వై ఇంకా 0.5 తోస్తోంది. ఒక ఫ్రీజరుని వైకి మార్చాం, కంప్రెసర్ ఆగగానే మళ్లీ అదే కథ. 1.8 కిలోవాట్ల ఇంపోర్ట్ పెడితే ఆగుతుంది గానీ, అప్పుడు ప్యానెళ్లు దండగ.

ఒక్కో ఫేజుకి దాని లోడు మేరకే వేర్వేరుగా కరెంటు ఇచ్చే త్రీఫేజ్ ఇన్వర్టరుని ఇలాంటి షాపులో నడిపి, ఏ ఫేజులోనూ మైనస్ రాలేదని మీటరు మీద చూసినవాళ్లు ఉన్నారా?