స్కాన్ క్లీన్‌గా ఉంటే వర్టిగో చెవిదే అనుకోవచ్చా? కళ్లు వాటంతటవే కొట్టుకునే నిస్టాగ్మస్‌ని ఎంతవరకు నమ్మాలి?

రాత్రిడ్యూటీ: 58 ఏళ్ల పేషెంట్, షుగరూ బీపీ ఉన్నాయి. పొద్దున్నించి ఆగకుండా గిర్రున తిరుగుతోందంటున్నాడు, వాంతులు, పట్టుకోకపోతే కూర్చోలేకపోతున్నాడు. నిస్టాగ్మస్ అడ్డంగా కుడివైపు కొడుతోంది. తలని చటుక్కున తిప్పి కళ్లు చూసే హెడ్ ఇంపల్స్ రెండువైపులా నార్మల్, ఎమ్మారై కూడా నార్మల్. చెవిదే అని రాసి పంపేయొచ్చా?

తెల్లకోటు: పంపేయొచ్చు. అడ్డంగా కొడితే చెవి, నిలువుగా కొడితే మెదడు, మాకు నేర్పింది అదే. పైగా ఎమ్మారై నార్మల్ అంటున్నావు, ఇంకేం కావాలి?

గవ్వచెవి: ఆగండాగండి, పంపకండి. మిగతా టెస్టులు నార్మల్ వస్తే సంతోషిస్తాం, ఈ హెడ్ ఇంపల్స్ ఒక్కటి మాత్రం ఇలాంటి పేషెంట్‌లో నార్మల్ వస్తేనే భయపడాలి.

ఎందుకంటే తల కదలకపోయినా రెండు చెవులూ మెదడుకి సిగ్నల్ పంపుతూనే ఉంటాయి, తక్కెడలో రెండు పళ్లేల్లాగా సమానంగా. ఎడమ చెవి నరం దెబ్బతింటే కుడిదే బరువుగా తూగుతుంది, మెదడేమో తల కుడికి తిరుగుతోందనుకుని కళ్లని మెల్లగా ఎడమకి జరుపుతుంది, కాస్త జరిగాక టక్కున కుడికి లాగేస్తుంది, మనం కుడివైపు కొడుతోంది అని రాసేది ఆ టక్కున లాగేదాన్నే. అంటే మీవాడిది చెవి జబ్బే అయితే పాడైంది ఎడమ చెవి. అప్పుడు మీ ముక్కు మీదే చూపు నిలపమని చెప్పి తలని ఎడమకి ఓ 15 డిగ్రీలు చటుక్కున తిప్పితే, కళ్లు తలతోపాటే కొట్టుకుపోయి, ఒక్క క్షణం ఆగి మీ ముక్కు మీదకి దూకాలి. ఈ రిఫ్లెక్స్ దారి చాలా చిన్నది, మూడు న్యూరాన్లు, మామూలుగా 10 మిల్లీసెకన్లలోపే కళ్లు కదులుతాయి. మీ పేషెంట్‌లో ఆ దూకుడే లేదు. చెవి పడిపోయిందంటున్నారు, చెవి చేసే పని మాత్రం బానే జరుగుతోంది, ఎలా కుదురుతుంది?

ఒకటి చెప్పండి, ఎడమకి చూడమన్నప్పుడు ఎటు కొట్టింది?

రాత్రిడ్యూటీ: నిజం చెప్పాలంటే అది చూడలేదు సార్, ఎదురుగా చూసినప్పుడు కుడికి కొట్టింది, అక్కడే ఆపేశా. ఇప్పుడే వెళ్లి చూసొస్తా.

మంచందిగను: నాదో డౌటు. నాకు పక్కమీద కుడికి ఒత్తిగిలితే ఓ అర నిమిషం ఇల్లంతా తిరిగేది. డాక్టరు పడుకోబెట్టి చూసి కళ్లు పైకి కొడుతున్నాయన్నారు, తలని అటూ ఇటూ తిప్పే ఏదో విన్యాసం చేసి పంపేశారు, తగ్గిపోయింది కూడా. పైన చెప్పిన లెక్కన నాది మెదడుదా?? ఇప్పుడు నిద్రపట్టేలా లేదు.

గవ్వచెవి: పడుకోండి మేడమ్, మీది వేరే కథ. చెవిలో రాలిన సున్నపు పొడి వెనక గొట్టంలో చేరితే పడుకోబెట్టాక రెండు మూడు సెకన్లాగి కళ్లు పైకి కొడుతూ మెలి కూడా తిరుగుతాయి, నిమిషంలోపే ఆగిపోతుంది. నిలువుగా కొడితే మెదడే అన్న రూల్ అక్కడే తప్పింది చూడండి. మెలి లేకుండా, ఊరికే కూర్చున్నప్పుడే కిందకో పైకో కొడుతుంటే అప్పుడు అనుమానించాలి. ఇంకోటి, మీలాంటి వాళ్లకి ఈ హెడ్ ఇంపల్స్ లెక్కే పనికిరాదు, నార్మల్‌గానే వస్తుంది, దాన్ని చూసి స్ట్రోక్ అని హడావిడి చేసేవాళ్లూ ఉన్నారు. గంటల తరబడి ఆగకుండా తిరుగుతూ, నిస్టాగ్మస్ కళ్లెదుట కనిపిస్తున్నవాళ్లకే ఇది.

రాత్రిడ్యూటీ: చూశా. కుడికి చూస్తే కుడికి, ఎడమకి చూస్తే ఎడమకి కొడుతోంది!! చివరికంటా చూడమనలేదు, మధ్యలోనే ఆపా.

గవ్వచెవి: మధ్యలో ఆపడం మంచి పని, చివరికంటా చూడమంటే మామూలు వాళ్లకీ రెండు మూడు దెబ్బలు కొడుతుంది. చెవిదైతే ఎటు చూసినా కుడికే కొట్టాలి, కుడికి చూస్తే జోరుగా, ఎడమకి చూస్తే నెమ్మదిగా. చూపుతోపాటు దిక్కు మారిందంటే మెదడులో కళ్లని పక్కకి నిలిపి ఉంచే బ్రెయిన్‌స్టెమ్, సెరిబెల్లమ్ పట్టు జారిందన్నమాట. న్యూరో వాళ్లని ఇప్పుడే పిలవండి. ఎమ్మారై మొదటి 48 గంటల్లో మెదడు వెనక భాగంలోని చిన్న స్ట్రోక్‌లని వదిలేయగలదు, నార్మల్ అని రాసున్నా సరే.

తెల్లకోటు: సరే ఒప్పుకుంటా, కానీ దిక్కు మారకపోతే చెవే కదా?

గవ్వచెవి: కాదు. సెరిబెల్లమ్ స్ట్రోక్‌లో దిక్కు మారకుండా అచ్చం చెవిలాగే కొట్టేవాళ్లు బోలెడుమంది. మారితే మెదడు, మారకపోతే ఇంకా తెలీదు, అంతే. ఇంకో తలనొప్పి, లోపలి చెవికి రక్తం ఇచ్చే నాళం సాధారణంగా సెరిబెల్లమ్ ముందు నాళం నుంచే చీలుతుంది, అది మూసుకుంటే చెవీ చస్తుంది, హెడ్ ఇంపల్స్ చెవి జబ్బులాగే తేడాగా వస్తుంది. అందుకే కొత్తగా ఒక చెవి వినిపించట్లేదా అని అడగాలి.

తెల్లకోటు: ఇన్ని మెలికలుంటే రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో ఒక్కడే ఉన్న కుర్ర డాక్టరు తల తిప్పి తేల్చేస్తాడా? 2009లో హెడ్ ఇంపల్స్, చూపుతో దిక్కు మారడం, కన్ను మూసి తెరిచి చూడటం, ఈ మూడు కంటి పరీక్షలు తొలి ఎమ్మారై కన్నా మెరుగని చూపించింది న్యూరో స్పెషలిస్టులు చేస్తే. అందర్నీ అడ్మిట్ చేసి మూడో రోజు మళ్లీ స్కాన్ తీయడమే నయం.

గవ్వచెవి: ఆ మాటలో నిజముంది, తల నెమ్మదిగా తిప్పితే చాలు తప్పు రిజల్ట్ వస్తుంది. కానీ అందర్నీ మూడు రోజులుంచడానికి మంచాలెక్కడివి? కళ్లు చూడటం రాకపోతే నేర్పాలి గానీ మానేస్తే ఎట్లా.

రాత్రిడ్యూటీ: న్యూరో వాళ్లు వచ్చారు. ఆ మూడో పరీక్షలో ఒక కన్ను మూసి తెరిస్తే ఆ కన్ను నిలువుగా సర్దుకుంటోందంట, అదీ మెదడువైపే చూపిస్తోందట, నాకైతే మూడోసారికి గానీ కనపడలేదు. స్ట్రోక్ కిందే అడ్మిట్ చేశారు, స్కాన్ మళ్లీ తీస్తారట.