‘కోఁతాఁ ద వూ’నా, ‘కోఁతాఁ పూర్ వూ’నా?

శారద (లియోఁ): ‘జ సుయీ కోఁతాఁ ద వూ’ అనే ఫ్రెంచి వాక్యం ఎక్కడో చదివాను, తలలోంచి పోవట్లేదు. ఆఫీసులో తోటి ఉద్యోగినికి టీమ్ లీడర్ పదవి వచ్చింది. ఇదే రాసి పంపొచ్చా? ఆ ‘ద’ దగ్గరే అనుమానం.

యానాం బాబాయి: అది నెపోలియన్ మాటమ్మా. 1805 డిసెంబరులో ఆస్టర్‌లిట్జ్ యుద్ధం గెలిచాక సైనికులకిచ్చిన ప్రకటన దానితోనే మొదలవుతుంది. చక్రవర్తి సిపాయిలతో ‘మీ పని నాకు నచ్చింది’ అంటున్నాడు. అదే మాట మీరంటే ఆమెకు మార్కులేసినట్టుంటుంది. ‘పూర్ వూ’ అంటేనే ‘మీకు మంచి జరిగింది, నాకూ సంతోషం’.

విభక్తిప్రియ: మన లెక్కలో పూర్ చతుర్థి, ద పంచమి. ‘కొఱకు’లో సంతోషం వాళ్లది, ‘వలన’లో నాది. ‘ద’ కనబడితే కొట్టేయండి.

యానాం బాబాయి: అంత తొందరేం? ‘కోఁతాఁ ద త వ్వార్’, నిన్ను చూడటం సంతోషం. అందులో పెద్దరికం ఎక్కడుంది? ‘ద’ తర్వాత క్రియ వస్తే ఒక తీరు, మనిషి వస్తే ఒక తీరు. పైగా అభినందించడం అనే ‘ఫెలిసితె’ క్రియకు, నియామకం అనే ‘నోమినాసియోఁ’ చేర్చి ‘ద సా నోమినాసియోఁ’, ‘పూర్ సా నోమినాసియోఁ’ రెండూ చెల్లుతాయి. మీ పంచమి అక్కడేం చేస్తుంది?

విభక్తిప్రియ: అక్కడ ‘ద’ హేతువు. పంచమి హేతువుకూ వస్తుంది మాస్టారూ.

రమణ: పదవి పెరిగింది కాబట్టి ఇకనుంచి ‘మీరు’ అనే ‘వూ’ అనాలి. గౌరవం.

సుధ: ఇన్నాళ్లూ ‘నువ్వు’ అనే ‘త్యూ’తో పిలుచుకున్నవాళ్లు హఠాత్తుగా ‘వూ’కి మారితే గౌరవం కాదు, దూరం పెట్టినట్టు. పాత పిలుపే ఉంచి ఇంత రాస్తే చాలు: ‘తుత్ మె ఫెలిసితాసియోఁ పూర్ తా నోమినాసియోఁ. సె బియాఁ మెరితె, ఎ జ సుయీ త్రె కోఁతాఁత్ పూర్ త్వా.’ హృదయపూర్వక అభినందనలు, నీకు తగిన పదవే, నాకు చాలా సంతోషంగా ఉంది అని. రాసేది ఆడవాళ్లు కాబట్టి ‘కోఁతాఁత్’, చివరి ‘త్’ పలకాలి. ‘ఆఁఫాఁ’ మాత్రం వద్దు. ‘ఇన్నాళ్లకి’ అంటే ఆలస్యమైందని దెప్పినట్టూ వినబడుతుంది.

రమణ: పదవి పెరిగితే ప్రమోసియోఁ అనరా? కానీ అదంటే తగ్గింపు ధరలు కాదూ? కొట్ల అద్దాల మీద చూశాను.

సుధ: రెండిటికీ అదే మాట. ఫలానా పదవి పేరు చెప్పేటప్పుడు నోమినాసియోఁ బాగా అతుకుతుంది.

యానాం బాబాయి: పొగడ్త మూడు వాక్యాలు దాటితే ఫ్రెంచి నీతికథల కవి లా ఫోంతేన్ నక్కే గుర్తొస్తుంది. కాకిని ఈ అడవి ఫీనిక్స్‌వి నువ్వే అన్నది జున్ను కోసమే.

రమణ: వడ కాదూ?

యానాం బాబాయి: మన కాకిది వడ, ఆయన కాకిది జున్ను.

విభక్తిప్రియ: మాంసం ముక్క అని కూడా విన్నాను. సరే, ‘ఫెలిసితె ద’ సంగతి తేల్చండి.